పోడు ఫైల్ మీద ఎవరి పేరు ఉండాలె?

2021 నవంబర్‌లో పోడు దరఖాస్తులు తీసుకున్నప్పుడు ఎల్లారెడ్డి దిక్కు ఒక తండాల మనోళ్ళు నలుగురు కలిసి పని చేసిన్రు. ఇద్దరు తమ్ముళ్ళు రైతులతోని పొలాలు తిరిగి గట్లు, బాయిలు చూసి రాసుకున్నరు. డిగ్రీ చదివే చెల్లె పెద్దమనుషుల దగ్గర కూసొని, ఎవరు ఎప్పటి సంది దున్నుతున్నరో రాసి వేలిముద్రలు తీసుకుంది. నాలుగో ఆయన, వయసుల పెద్దోడు, అన్నీ కలిపి ఫైల్ కట్టిండు. తర్వాత కామారెడ్డిల ఒక మీటింగ్‌ల "ఈ సర్వే నేను చేసిన" అని చెప్పిండు. ఫైల్ అట్ట మీద కూడా ఆయన పేరు ఒక్కటే.

"పోనీ తియ్, పని అయింది గదా" అన్నోళ్ళు ఉన్నరు. నేను ఒప్పుకోను. అటవీ హక్కుల చట్టం కింద ఒక్క ఆధారం సరిపోదు, కనీసం రెండు కావాలె. దరఖాస్తుదారు కాని పెద్దమనిషి చెప్పి రాయించిన మాట అందుల ఒకటి కావచ్చు. గట్లు, బాయిల వంటి గుర్తులు ఇంకొకటి. గ్రామసభ దాటినంక కాగితాలు డివిజన్ కమిటీకి, అక్కడి నుంచి కలెక్టర్ ఉండే జిల్లా కమిటీకి పోతయ్. నడుమ ఎవరన్న "ఈ ముసలాయన చెప్పింది ఏ పొలం గురించి?" అని అడిగితే జవాబు చెల్లె దగ్గర ఉంది, అట్ట మీద పేరున్నాయన దగ్గర లేదు. ఆమె పేరు ఎక్కడా లేకపోతే పిలిచేటోళ్ళు ఎవరు? నష్టం రైతుకే.

అయితే మీటింగ్‌లనే లేసి నిలబడి అడుగుడు తప్పు. అధికారుల ముందట మనల్ల మనం కొట్లాడితే ఫైల్ మీదనే అనుమానం వస్తది. ఇంకో సంగతి, మైకు ముందు గాబరాల "మేము" అనేది "నేను" అయితది. అది మాటతోని పోతది. కాగితం మీద పేర్లు లేకపోవుడే అసలు గుర్తు. ముందు ఫైల్ చూడాలె.

చూసినంక రెండు మూడు రోజులల్ల, ఆయనొక్కడే ఉన్నప్పుడు, చెల్లె గిట్ల అడిగితే బాగుంటది:

"అన్నా, మీటింగ్‌ల మంచిగ చెప్పినవ్. ఫైల్ మీద మాత్రం నీ పేరు ఒక్కటే ఉంది. పొలాలు తిరిగింది తమ్ముళ్ళు, పెద్దోళ్ళ మాటలు రాసింది నేను, కలిపి కట్టింది నువ్వు. ఇదే ఒక కాగితం రాసి తెచ్చిన. తప్పుంటే దిద్దు. శుక్రవారం లోపల ఫైల్‌ల పెట్టి, మన గ్రూప్‌ల గూడ నువ్వే చెప్పు."

ఇందుల "దొంగతనం" అనే మాట లేదు, ఆయన చేసిన పనిని తక్కువ చేసుడు లేదు. అడిగింది ఒక కాగితం, ఒక తారీఖు. "చూద్దాం" అనుకుంట దాటేస్తే, నలుగురు కూసొని రాసుకున్న నోట్‌బుక్కులు ముందట పెట్టి మాట్లాడాలె. అప్పుడు కూడా కాదంటే, తమ్ముళ్ళు, చెల్లె సంతకాలతోని ఆ కాగితాన్ని గ్రామ అటవీ హక్కుల కమిటీకి వాళ్ళే ఇయ్యొచ్చు. దానికి ఆయన ఒప్పుకోవాల్సిన పనిలేదు.