ప్రకటనలో 22,240, కట్టాల్సింది 25,740

దసరా దగ్గర పడితే చాలు, ఫోన్ తెరిచిన ప్రతిసారీ ఏదో ఒక ఆఫర్ ఎదురవుతుంది. వాషింగ్ మెషీన్ ప్రకటననే తీసుకుందాం. 28,990 రూపాయల ధర మీద గీత కొట్టి, దాని కింద పెద్ద అక్షరాలతో ‘అన్ని ఆఫర్లూ కలిపి 22,240 మాత్రమే’ అని వేస్తారు. ఈ అంకెలు లెక్క కోసం నేను వేసుకున్నవే అయినా, పండగ అమ్మకాల్లో ఇలాంటివి కనబడని రోజుండదు. ఆ 22,240 అబద్ధమని అనలేం. కానీ అందులో నాలుగు రకాల డబ్బు కలిసి ఉంది. వాటిలో రెండే ఆ రోజు మన ఖాతాలో మిగిలేవి.

మొదటిది కూపన్. పేజీలో చిన్న గడిలో టిక్కు పెడితే 1,500 తగ్గి ధర 27,490 అవుతుంది. రెండోది బ్యాంకు కార్డు తగ్గింపు. ‘10 శాతం’ అని రాసి ఉంటుంది కాబట్టి 2,749 తగ్గాలి. షరతుల్లోకి వెళ్లి చూస్తే ‘గరిష్ఠంగా 1,750’ అని ఉంటుంది. అంటే 17,500 దాటిన సరుకుకు ఆ 10 శాతం నిజంగా 10 శాతం కాదు. మన మెషీన్ మీద అది 6.4 శాతమే. ధర పెరిగేకొద్దీ ఇంకా పలచబడుతుంది. ఇప్పుడు కట్టాల్సింది 25,740. ఆ రోజు మీ కార్డు మీద పడేది ఇదే.

మిగతా 3,500 మాటేమిటి? అందులో 3,000 పాత మెషీన్ ఇచ్చేస్తే వచ్చే ఎక్స్ఛేంజ్ మొత్తం. దాన్ని తగ్గింపు అనడం నాకు సమ్మతం కాదు. మన వస్తువు వాళ్లకు అమ్మాం, దానికి వెల ఇచ్చారు, అంతే. అదే పాత మెషీన్‌కు వీధి చివరి సెకండ్ హ్యాండ్ షాపువాడు 2,500 ఇచ్చేవాడైతే, ఆఫర్ వల్ల నిజంగా కలిసొచ్చింది 500 రూపాయలే. ఇంట్లో పాత మెషీనే లేని కొత్త కాపురానికి ఆ 3,000 లేనట్టే. చివరి 500 క్యాష్‌బ్యాక్ అంటారు గానీ, అది బ్యాంకు ఖాతాలోకి రాదు. అదే యాప్‌లో పాయింట్ల రూపంలో, వస్తువు వాపసు గడువు దాటాక జమవుతుంది. వాడుకోవడానికి ఒక తేదీ, కనీస కొనుగోలు ఉంటాయి. ఆ గడువులోపు ఎలాగూ కొనాల్సిన వస్తువు ఉంటేనే దాన్ని లెక్కలోకి తీసుకోవాలి. లేకపోతే ఆ 500 కోసం ఇంకో 2,000 ఖర్చు పెడతాం.

ఆఫర్లు కలిసేకొద్దీ లాభమే అన్న నమ్మకం ఇంకా ఖరీదైనది. 20 శాతం కూపన్, 10 శాతం కార్డు కలిస్తే 30 శాతం అవదు. పది వేల సరుకు ముందు 8,000 అవుతుంది, ఆ ఎనిమిది వేల మీద పది శాతం పోయి 7,200 దగ్గర ఆగుతుంది. ఇది చాలామందికి తెలిసిందే. తెలియనిది, కూపన్ వాడినందుకే ఎక్కువ కట్టాల్సి రావడం. మీ కార్ట్‌లో 5,200 రూపాయల బట్టలున్నాయి. కార్డు ఆఫర్‌కు కనీస కొనుగోలు 5,000. చేతిలో 300 రూపాయల కూపన్ ఉంది. టిక్కు పెట్టగానే మొత్తం 4,900 అయి, కనీసానికి వంద రూపాయలు తక్కువ పడుతుంది. కార్డు తగ్గింపు మాయమవుతుంది, తెర మీద ఎర్ర అక్షరాల హెచ్చరికేమీ రాదు. కూపన్ వదిలేసి ఉంటే 520 తగ్గి 4,680 కట్టేవాళ్లు. ఆదా చేద్దామని పెట్టిన టిక్కు 220 రూపాయలు ఎక్కువ కట్టించింది. అన్ని ఆఫర్లూ ఇలా ఉండవు. కొన్ని కూపన్‌కు ముందు ఉన్న మొత్తాన్నే కనీసానికి లెక్క వేస్తాయి. అందుకే కార్ట్ మొత్తం ఆ గీతకు అటూ ఇటూగా ఉన్నప్పుడు, కూపన్ పెట్టి ఒకసారి, తీసి ఒకసారి చెల్లింపు పేజీ దాకా వెళ్లి చివరి అంకె చూడటమే దారి. డబ్బు కట్టేదాకా ఏదీ ఖాయం కాదు కాబట్టి ఇందులో నష్టం లేదు.

ఇక ‘నో కాస్ట్ ఈఎంఐ’. సున్నా శాతం వడ్డీ అనే పథకాల మీద రిజర్వు బ్యాంకు 2013 సెప్టెంబరులోనే బ్యాంకులకు అభ్యంతరం చెప్పింది. వడ్డీని కనబడకుండా వేరేచోట కలపడం పారదర్శకం కాదన్నది దాని మాట. ఇప్పుడు జరిగేది వేరు. బ్యాంకు వడ్డీ వేస్తుంది, అంత మొత్తాన్ని అమ్మేవాళ్లు ముందే ధరలో తగ్గిస్తారు. మన 25,740ను ఏడాదికి 15 శాతం వడ్డీతో ఆరు నెలలకు పెట్టామనుకోండి. నెలకు 4,290 చొప్పున కడతాం. అందులో వడ్డీ భాగం దాదాపు 1,090. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ, అంటే 196 రూపాయలు, మనమే కట్టాలి. ప్రాసెసింగ్ ఫీజు 199, దాని మీద జీఎస్టీ కలిపితే 235. ఖర్చు లేదన్న ఈఎంఐకి 430 రూపాయల పైనే అయింది. ఈ మొత్తం చెల్లింపు పేజీలో కాదు, కార్డు బిల్లులో కనబడుతుంది. పైగా ఈఎంఐకి మార్చిన కొనుగోలుకు చాలా కార్డులు మామూలుగా ఇచ్చే క్యాష్‌బ్యాక్ ఇవ్వవు.

ఈఎంఐ వద్దు, ఒకేసారి కట్టి కార్డు ఇచ్చే 5 శాతం క్యాష్‌బ్యాక్ తీసుకుందాం అంటే 1,287 రూపాయలు తర్వాతి బిల్లుల్లో జమవుతుంది. గడువుకు మొత్తం కట్టేసేవాళ్లకు ఇది మంచి డబ్బే. కనీస మొత్తం మాత్రం కట్టి మిగతాది తోసేస్తే నెలకు 3.5 శాతం చొప్పున వడ్డీ, దాని మీద జీఎస్టీ కలిపి వెయ్యి రూపాయల దాకా పడుతుంది. రెండో నెల తిరక్కుండానే క్యాష్‌బ్యాక్ ఆవిరి.

కార్డు లేనివాళ్లు చుట్టాల కార్డు అడుగుతారు. మన ఇళ్లలో ఇది మామూలే, తప్పు పట్టను. వస్తువు వెనక్కి ఇచ్చిన రోజున మాత్రం రెండు చిక్కులు. డబ్బు మీకు కాదు, కార్డు ఉన్న బాబాయి ఖాతాకు వెళ్తుంది. వచ్చేది కూడా కట్టిందే గానీ రాసి ఉన్న ధర కాదు. 10 శాతం తగ్గింపుతో 5,400 కార్ట్ తీసుకుని అందులో 1,800 చెప్పులు వాపసు ఇస్తే వచ్చేది 1,620. మిగిలిన 3,600 కనీస కొనుగోలు కన్నా తక్కువ కాబట్టి, కొన్ని ఆఫర్లలో మిగతా తగ్గింపును కూడా కోసేసుకుంటారు. బట్టలూ చెప్పులూ నాలుగు సైజుల్లో తెప్పించుకుని మూడు వెనక్కి పంపే అలవాటున్నవాళ్లు ఆర్డర్‌కు ముందే ఈ షరతు చదవాలి.

కేంద్ర వినియోగదారుల పరిరక్షణ ప్రాధికార సంస్థ 2023లో డార్క్ ప్యాటర్న్‌ల మీద మార్గదర్శకాలు ఇస్తూ 13 రకాల మోసపు పద్ధతులను పేర్కొంది. ధరలో కొన్ని భాగాలను ముందు దాచి చివర్లో బయటపెట్టే డ్రిప్ ప్రైసింగ్ అందులో ఉంది. ఎక్స్ఛేంజ్‌నూ పాయింట్లనూ కలిపి చూపించే పెద్ద అక్షరాల ధరను కూడా అదే కళ్లతో చూడాలన్నది నా వాదన. ఆ కార్డు ఉన్న ఎవరైనా ఆ రోజు కట్టే 25,740ని పెద్దగా రాయాలి. కార్డు లేనివాళ్లు కట్టే 27,490ని దాని పక్కనే, అదే సైజులో వేయాలి. పాత మెషీన్, పాయింట్లు, ఈఎంఐ మీద పడే 430 రూపాయలు ఆ కింద విడివిడి వరుసల్లో ఉండాలి. ఈ అంకెలన్నీ అమ్మేవాళ్ల కంప్యూటర్లో ఇప్పటికే ఉన్నాయి. కొనేవాడు కార్ట్ తెరిచిన క్షణంలో అవి లెక్క కట్టి ఉంటాయి కూడా.