ఆల్ఫా బలహీనమన్న వాదం నిలవదు

రేడియోధార్మికత పాఠం తరగతి గదుల్లో తరచుగా ఒకే వరుసతో ముగుస్తుంది: ఆల్ఫాను కాగితం ఆపుతుంది, బీటాను కొన్ని మిల్లీమీటర్ల అల్యూమినియం ఆపుతుంది, గామాకు దళసరి సీసం కావాలి, కనుక ఆల్ఫా బలహీనమైనది, గామా అత్యంత ప్రమాదకరమైనది. ఈ వరుస చొచ్చుకుపోయే గుణానికి సరిపోతుంది గాని ప్రమాదానికి సరిపోదు. కొరాపుట్, రాయగడ జిల్లాల్లో ఈ పొరపాటును సరిదిద్దవలసిన కారణం నేలలోనే ఉంది. ఇక్కడి కొండలకు ఆధారమైన ఖొండలైట్ శిలలో మోనజైట్ అనే థోరియం ఖనిజం స్వల్పంగా ఉంటుంది. ఆ శిల శిథిలమై ఏర్పడిన బాక్సైట్ నుంచి అల్యూమినా తీసినప్పుడు, ఖనిజంలో ఉన్న థోరియంలో ఎక్కువ భాగం ఎర్రమట్టి వ్యర్థంలోనే మిగిలిపోతుంది. దాని పరిమాణం సాధారణంగా తక్కువే కనుక భయపడవలసిన పని లేదు. కానీ థోరియం విడుదల చేసేది ఆల్ఫా కణాన్ని అన్న సంగతి మరువకూడదు.

ఆల్ఫా కణమంటే రెండు ప్రోటాన్లు, రెండు న్యూట్రాన్లు కలిసిన హీలియం కేంద్రకం. 5 మెగా ఎలక్ట్రాన్ వోల్టుల శక్తితో బయలుదేరిన కణం గాలిలో సుమారు 3.5 సెంటీమీటర్లు మాత్రమే వెళ్లి, ఆ కొద్ది దారిలోనే దాదాపు 1,40,000 అయాను జంటలను సృష్టిస్తుంది; అణువుల నుంచి ఎలక్ట్రాన్లను ఊడగొట్టే ఈ పనినే అయనీకరణం అంటారు. వేగంగా వచ్చే ఎలక్ట్రాన్ అయిన బీటా, అంతకన్నా తక్కువ శక్తిని గాలిలో మూడు నాలుగు మీటర్ల పొడవునా పలచగా పంచుకుంటూ పోతుంది, విద్యుదావేశం లేని గామా అరుదుగా మాత్రమే పదార్థంతో తలపడుతుంది. అంటే ఆల్ఫా ముందుకు పోలేకపోవడానికి కారణం దాని బలహీనత కాదు, దారిలోనే సర్వస్వాన్నీ గుమ్మరించడం. శరీరం వెలుపల ఆ శక్తి చర్మపు మృతపొరలో వృథా అవుతుంది. ఊపిరితో లోపలికి పోయిన ధూళి నుంచి వెలువడితే సజీవ కణజాలంలోనే పడుతుంది. అందుకే అంతర్జాతీయ వికిరణ రక్షణ సంఘం సమాన శోషిత శక్తికి గామా, బీటాలకు 1, ఆల్ఫాకు 20 అనే తూకపు గుణకాన్ని నిర్ణయించింది.

పాఠ్యపుస్తకాల అపవర్తన చిత్రం కూడా ఈ అపోహకు తోడ్పడుతుంది. అపవర్తనం అంటే క్షేత్రంలో కిరణం పక్కకు వంగడం. విద్యుత్ క్షేత్రంలో ఆల్ఫా రుణ పలక వైపు, బీటా ధన పలక వైపు వంగుతాయి, గామా వంగదు; అయస్కాంత క్షేత్రంలోనూ ఆల్ఫా, బీటాలు పరస్పరం ఎదురు దిశల్లోనే వంగుతాయి. ఇంతవరకు చిత్రం నిజమే. కానీ అందులో ఆల్ఫా, బీటాల వంపులు ఇంచుమించు సమానంగా కనిపిస్తాయి. 0.1 టెస్లా అయస్కాంత క్షేత్రంలో 1 మెగా ఎలక్ట్రాన్ వోల్టు బీటా 5 సెంటీమీటర్ల లోపు వ్యాసార్థంతో తిరిగితే, పైన చెప్పిన ఆల్ఫా సుమారు 3.2 మీటర్ల వ్యాసార్థంతో తిరుగుతుంది. అది తన 3.5 సెంటీమీటర్ల ప్రయాణంలో పక్కకు జరిగేది 0.2 మిల్లీమీటరే. రూథర్‌ఫర్డ్ 1903లో దాని వంపును చూపేవరకు ఆల్ఫా అసలు వంగదనే భావించడంలో ఆశ్చర్యం లేదు.

ప్రయోగశాల భద్రతలో ఈ తప్పు వరుస నేరుగా హాని చేయగలదు. థోరియం పూసిన పాత పెట్రోమాక్స్ మాంటిల్‌ను ఉదాహరణగా తీసుకోవచ్చు. దాన్ని ప్లాస్టిక్ కవరులో మూసి ఉంచి, సన్నని అభ్రకపు కిటికీ ఉన్న గైగర్ గొట్టం దగ్గర పెట్టి, ముందుగా కొలిచిన పరిసర గణనను తీసివేస్తే, మిగిలేది ప్రధానంగా థోరియం సంతతి మూలకాల బీటా, కొంత గామా. 3 మిల్లీమీటర్ల అల్యూమినియం అడ్డుపెడితే గణన బాగా పడిపోతుంది. ఆల్ఫాను కవరే ఆపేసింది గనుక దాని జాడ కనిపించదు. దళసరి గాజు గోడ గొట్టమైతే కవరు తీసినా కనిపించదు. ఈ శూన్యాన్ని చూసి మాంటిల్‌లో ఆల్ఫా లేదనుకుని, కవరు విప్పి, కాల్చి, పెళుసైన బూడిదను చేతితో తాకే విద్యార్థి ముప్పును తానే లోపలికి ఆహ్వానిస్తాడు. పైగా గైగర్ గొట్టం తనలోకి వచ్చిన గామా ఫోటాన్లలో దాదాపు నూటికి ఒక్కదాన్నే గుర్తిస్తుంది, కాబట్టి గణనల సంఖ్య ప్రమాదానికి కొలమానం కాదు.

సమయం తగ్గించు, దూరం పెంచు, అడ్డు పెట్టు అనే ప్రసిద్ధ సూత్రం వెలుపలి వికిరణానికి, ముఖ్యంగా గామాకు సరైనదే. ఆల్ఫా వికిరణ మూలానికి మాత్రం మొదటి నియమం మూత విప్పకపోవడం, ధూళి రేగనివ్వకపోవడం, ఆ బల్లపై తినకపోవడం, చివర చేతులు కడుక్కోవడం. బీటాకు నేరుగా సీసం అడ్డుపెడితే ఎలక్ట్రాన్లు హఠాత్తుగా ఆగి ఎక్స్ కిరణాలను పుట్టిస్తాయి గనుక ముందు ప్లాస్టిక్ లేదా అల్యూమినియం ఉండాలి. పాఠశాలలు మూసి ఉన్న వికిరణ మూలాన్ని మాత్రమే, అదీ అణుశక్తి నియంత్రణ మండలి నిబంధనలకు లోబడి, పట్టకారుతో ఉపయోగించాలి. ఏది ఎక్కువ ప్రమాదకరమన్న ప్రశ్నకు, వికిరణ మూలం శరీరానికి వెలుపల ఉందా, లోపల ఉందా అని అడగకుండా ఇచ్చే జవాబు ఏదైనా తప్పే; పరీక్షలో దానికి మార్కులు ఇవ్వడం మానుకోవాలి.