అడుగులా, లింకులా? చేతిగీత పటాన్ని చదివే పద్ధతి

ఇంట్లో ఉన్న అటవీ హక్కు పత్రాన్ని బయటికి తీసి, దానితోపాటు ఉన్న చేతిగీత పటాన్ని ఒకసారి చూడండి. పత్రంలో ఎకరాలు చూసి సంతోషపడతాం కానీ పటం జోలికి ఎవరూ పోరు. రేపు హద్దు దగ్గర పేచీ వస్తే మాత్రం అందరూ అడిగేది ఆ పటాన్నే. అందుకే తగాదా రాకముందే దాన్ని చదవడం నేర్చుకుందాం.

ఈ పటం ఎక్కడిదంటే, 2006 అటవీ హక్కుల చట్టం కింద వచ్చిన నిబంధనల ప్రకారం అటవీ హక్కుల కమిటీ పొలం మీదికి వచ్చి, గుర్తుపట్టగలిగే ఆనవాళ్లతో ప్రతి క్లెయిముకూ పటం తయారుచెయ్యాలి. హక్కు పత్రంలో కూడా విస్తీర్ణంతోపాటు ముఖ్యమైన ఆనవాళ్లతో హద్దులు, కంపార్ట్‌మెంట్ నంబరు లేదా సర్వే నంబరు రాయడానికి గడి ఉంటుంది. బొల్లాపల్లి, వెల్దుర్తి, మాచర్ల వైపు నల్లమల అంచున ఉన్న చెంచు గూడేల్లో గానీ, సుగాలి తండాల్లో గానీ ఇలాంటి పటం కనిపిస్తే ఎలా చదవాలో ఒక నమూనాతో చూద్దాం. ఇది ఎవరి పొలమూ కాదు, నేర్చుకోవడానికి రాసుకున్న లెక్క.

కాగితం మీద నాలుగు గీతలున్నాయి. పైగీత దగ్గర "వాగు, 300" అని ఉంది. కుడివైపు "పక్క పొలం, 250", కింద "బండి బాట, 340", ఎడమవైపు "అడవి, 220". పై ఎడమ మూలలో ఒక చుక్క పెట్టి "వేపచెట్టు" అన్నారు. కింద "సుమారు 2 ఎ." అని రాశారు. అంతే.

మొదట ఉన్నది ఉన్నట్టు రాసుకోండి, మన ఊహ కలపొద్దు. "ఉత్తరాన వాగు" అని రాయకండి. ఉత్తరం గుర్తు పటంలో లేదు కదా! సర్వే పటాల్లో మామూలుగా ఉత్తరం పైకి ఉంటుంది కానీ, చేత్తో గీసినాయన ఎటు తిరిగి నిలబడితే అటు పైన పెట్టి ఉండొచ్చు. పొలంలో నిలబడి, పొద్దు పొడిచే దిక్కు చూసి, వాగు ఎటుందో తేల్చుకున్నాకే దిక్కులు రాయాలి. హక్కు పత్రంలో చెక్కుబందీ రాసి ఉంటే దాంతో కూడా సరిచూడండి. రెండూ కలవకపోతే అదే మొదటి ప్రశ్న.

ఇక కొలతలు. 300 అంటే 300 ఏంటి? ప్రమాణం రాయలేదు. దీన్ని తేల్చడానికి ఒక చిన్న పరీక్ష ఉంది. ఎదురెదురు భుజాల సగటు తీసి, రెండు సగటుల్ని గుణించండి. 300, 340 సగటు 320. 250, 220 సగటు 235. గుణిస్తే 75,200.

ఇవి అడుగులైతే, సెంటుకి 435.6 చదరపు అడుగులు కాబట్టి సుమారు 1 ఎకరం 73 సెంట్లు. లింకులైతే కథ వేరు. మన గుంటూరు సీమలో పాత ఎఫ్.ఎం.బి. పటాలు లింకుల్లోనే ఉంటాయి. వంద లింకుల గొలుసు 66 అడుగులు, వెయ్యి చదరపు లింకులు ఒక సెంటు. అప్పుడు ఇదే పొలం 75 సెంట్లే అవుతుంది. మీటర్లైతే ఏడున్నర హెక్టార్లు దాటుతుంది, చట్టం ఇచ్చే పరిమితే 4 హెక్టార్లు. "అడుగులు" అని రాసి ఉన్నా జాగ్రత్తే. టేపు అడుగులా, నడిచి లెక్కపెట్టిన అడుగులా అని అడగాలి. ఒక్కో అంగ రెండున్నర అడుగులు అనుకుంటే దాదాపు 10 ఎకరాల 80 సెంట్లు వస్తుంది, అదీ పరిమితి దాటిందే. అంటే రాసిన 2 ఎకరాలకి దగ్గరగా వచ్చేది టేపు అడుగులు ఒక్కటే. అయినా ఇది మన అంచనా మాత్రమే, పటం చెప్పిన మాట కాదు. రెండింటినీ వేరువేరుగా రాసుకోండి.

అడుగులే అనుకున్నా 27 సెంట్లు తక్కువొచ్చింది. ఇక్కడ ఒక విషయం గట్టిగా గుర్తుపెట్టుకోండి. ఈ సగటు లెక్క నిజమైన విస్తీర్ణం కన్నా ఎక్కువే చూపిస్తుంది, తక్కువ చూపించదు. మూలలన్నీ లంబంగా ఉంటేనే సరిగ్గా సరిపోతుంది. కాబట్టి ఈ నాలుగు భుజాలు తిన్నని గీతలైతే 2 ఎకరాలు ఎట్లా పెట్టినా రావు. వాగు వంకర తిరిగి పొలం అటువైపు ఉబ్బి ఉండాలి, లేదా ఒక కొలత తప్పై ఉండాలి, లేదా "సుమారు" అన్నది కంటిచూపు లెక్కై ఉండాలి.

ఇంకో చిక్కుంది. నాలుగు భుజాలు తెలిసినంత మాత్రాన పొలం ఆకారం తెలియదు. నాలుగు పుల్లలు మూలల్లో కట్టి పక్కకి నొక్కి చూడండి. పుల్లల పొడవు మారదు, మధ్యలో జాగా మాత్రం తగ్గిపోతుంది. దాన్ని ఆపేది మూల నుంచి మూలకి కొలిచే ఐదో కొలత, అదే కర్ణం. అది ఉంటే పొలం రెండు త్రిభుజాలవుతుంది. వేపచెట్టు నుంచి ఎదుటి మూలకి 380 అడుగులు వచ్చిందనుకోండి. మొదటి త్రిభుజం భుజాలు 300, 250, 380. మొత్తంలో సగం 465. అందులోంచి ఒక్కో భుజం తీసేస్తే 165, 215, 85. ఈ నాలుగు అంకెల్ని గుణించి ఫోన్లో వర్గమూలం తీస్తే 37,445 చదరపు అడుగులు. 340, 220, 380 త్రిభుజానికి ఇలాగే చేస్తే 37,078. కలిపితే 1 ఎకరం 71 సెంట్లు.

అదే కర్ణం 500 అడుగులైతే? భుజాలు అవే, కానీ విస్తీర్ణం 1 ఎకరం 36 సెంట్లకి పడిపోతుంది. 35 సెంట్ల తేడా! రెండు పటాల మీదా అవే నాలుగు అంకెలు ఉంటాయి. కర్ణం లేని పటం పట్టుకుని గట్టు ఎవరైనా లోపలికి జరిపితే, ఇది తప్పని పటంతో నిరూపించలేం.

ఆఖరికి హద్దుల మాటలు. "వాగు" అంటే మన ఒడ్డా, మధ్య ధారా? వానాకాలం వాగు పక్కకి కోసుకుపోతే హద్దు ఎక్కడ? "బండి బాట" అంటే బాట మనవైపు అంచా, మధ్యగీతా? "పక్క పొలం" ఎవరిది? పేరు లేదు. పేరు రాసినా మనుషులు మారతారు, అందుకే రాయి, చెట్టు, బండ లాంటి ఆనవాలు ఉండాలి. వేపచెట్టు హద్దు లోపలా, బయటా, కొలత మొదలైంది దాని మొదటి నుంచేనా? "అడవి" వైపు గీత దేన్నిబట్టి గీశారు, అక్కడ రాయి ఉందా? మిగతా మూడు మూలల్లో ఏముంది? కంపార్ట్‌మెంట్ నంబరేది? గీసిన తేదీ, సంతకాలేవి?

ఇప్పుడు ఒక కాగితాన్ని మూడు భాగాలు చెయ్యండి. పటంలో ఉన్నది, మనం లెక్కకట్టింది, తేలనిది. మూడో భాగంలో ఉన్న ప్రతి ప్రశ్నకీ జవాబు పొలంలోనే దొరకాలి. పెద్దల్ని వెంటబెట్టుకుని, పక్క రైతుని పిలిచి, టేపుతో కర్ణం కొలవండి. క్లెయిమ్ చేసినవాళ్లు కాకుండా వేరే పెద్దలు చెప్పింది రాతపూర్వకంగా ఉంటే చట్టం దాన్ని సాక్ష్యంగా తీసుకుంటుంది, కాబట్టి వాగు, చెట్టు, బాట గురించి వాళ్ల మాట రాయించుకోండి. ఆ కాగితం గ్రామసభ ముందు పెట్టండి. గ్రామసభ తీర్మానంతో అన్యాయం జరిగిందనుకుంటే 60 రోజుల్లోపు సబ్ డివిజన్ స్థాయి కమిటీకి, వాళ్ల నిర్ణయం మీద మళ్లీ 60 రోజుల్లోపు జిల్లా కమిటీకి వెళ్లొచ్చు.

పాత పటాన్ని మాత్రం దిద్దకండి, దాని మీద పెన్ను పెట్టకండి. ఫోటో తీసి, జిరాక్సు మీద రాయండి. అసలు కాగితం మీద మన చేత్తో ఒక్క అంకె పడినా, రేపు ఎదుటివాళ్లు వేలెత్తి చూపేది దాన్నే.