పేరు ఎవరి నోట పలుకుతుంది?

ఈ సంచికకు వచ్చిన కథల్లో ఎక్కువ భాగం కరీంనగర్, ఆదిలాబాద్ పల్లెలవే. కథ బాగుండి కూడా కొన్నిచోట్ల పాత్ర పేరు దగ్గరే కాలు తడబడుతోంది.

1978 నాటి జగిత్యాల తాలూకా కథ అనుకోండి. యాభై ఏళ్ల పాలేరుకు ఓదెలు అని పెడితే చాలు, ఓదెల మల్లన్నకు మొక్కుకున్న తల్లి కనిపిస్తుంది. రాజేశం అంటే వేములవాడ రాజన్న, కొమురయ్య అంటే కొమురవెల్లి మల్లన్న. ఆ పాలేరు కొడుకు బడికి పోయినవాడైతే శ్రీనివాస్ కావచ్చు. అక్కడ ఆర్యన్ మాత్రం నప్పడు. పేరు పెట్టడంతో పని అయిపోదు, ఎవరు ఎలా పిలుస్తారో చూడాలి. రాజయ్య పట్టా కాగితంలో రాజయ్య, వాడకట్టులో రాజన్న, దొర గడీ ముందు రాజిగాడు. ఈ మూడు పిలుపులూ సంభాషణల్లో సరిగ్గా పడితే, కులం గురించీ కాలం గురించీ రచయిత విడిగా చెప్పే వాక్యాలు సగం కొట్టేయొచ్చు.

ఆదిలాబాద్ గోండు గూడెం కథకు ఇంకో చిక్కు ఉంది. ఆత్రం, మెస్రం, సిడాం లాంటి ఇంటిపేర్లు అలంకారాలు కావు. నాలుగు, ఐదు, ఆరు, ఏడు దేవతల సగలుగా వంశాలు విడిపోయి ఉంటాయి, ఒకే సగలో పెళ్లి కుదరదు. తెలియక ఒకే సగ ఇంటిపేర్లతో ప్రేమకథ రాస్తే గూడెం పాఠకుడు రెండో పేజీలోనే పుస్తకం మూసేస్తాడు. జంటకు ఇంటిపేర్లు ఖాయం చేసేముందు అక్కడి పెద్దలెవరినైనా అడగండి.