పల్లీలు అమ్మి పామోలిన్ కొనే మనం

పంట చేతికి రాగానే వేరుశనగ కాయలన్నీ మార్కెట్ యార్డుకు తోలేస్తాం. నెల తిరక్కుండానే కిరాణా కొట్టులో పామోలిన్ ప్యాకెట్ కొంటాం. చౌక కాబట్టి కొంటున్నాం, అందులో తప్పు పట్టాల్సింది లేదు. కానీ ఈ మార్పిడిలో మన గుండె ఎంత చెల్లిస్తోందో లెక్క వేసుకోవాలి.

ఏ నూనెలోనైనా కొవ్వు ఒకే రకంగా ఉండదు. సంతృప్త కొవ్వు ఎక్కువైతే, రక్తంలోని చెడు కొలెస్ట్రాల్‌ను కాలేయం సరిగా లాగేసుకోలేదు. అది రక్తనాళాల గోడల్లో పేరుకుంటుంది. దాని స్థానంలో అసంతృప్త కొవ్వు తింటే చెడు కొలెస్ట్రాల్ తగ్గుతుంది. అన్నిటికన్నా చెడ్డది ట్రాన్స్ కొవ్వు. నూనెకు హైడ్రోజన్ పట్టించి వనస్పతిగా గట్టిపరిచేటప్పుడు ఇది పుడుతుంది. చెడు కొలెస్ట్రాల్‌ను పెంచడమే కాక మంచి కొలెస్ట్రాల్‌ను తగ్గిస్తుంది. 2022 జనవరి నుంచి మన దేశంలో నూనెల్లో, కొవ్వుల్లో ఇది 2 శాతానికి మించకూడదని నిబంధన ఉంది.

వనస్పతి మీద కట్టడి వచ్చింది గానీ, పామోలిన్ గురించి మాట్లాడేవారు తక్కువ. అందులో ట్రాన్స్ కొవ్వు దాదాపు ఉండదు కాబట్టి వనస్పతి కంటే మేలే. కానీ అందులో సుమారు 45 శాతం సంతృప్త కొవ్వు. వేరుశనగ నూనెలో అది 20 శాతం లోపే. నువ్వుల నూనెలో 15 శాతం, పొద్దుతిరుగుడులో 11 శాతం, తవుడు నూనెలో 20 శాతం పైచిలుకు. నెయ్యిలో 60 శాతం దాటుతుంది, కొబ్బరి నూనెలో 85 శాతం పైనే.

నలుగురున్న ఇంట్లో నెలకు 3 లీటర్ల నూనె వాడతారనుకుందాం. అది సుమారు 2,700 గ్రాములు. మనిషికి రోజుకు 22 గ్రాములకు పైగా పడుతుంది. అదంతా పామోలిన్ అయితే సంతృప్త కొవ్వు 10 గ్రాములు, వేరుశనగ నూనె అయితే సుమారు 4 గ్రాములు. రోజుకు 2,000 కేలరీలు తినే మనిషికి సంతృప్త కొవ్వు 22 గ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం తేలుతుంది. పాలు, పెరుగు, నెయ్యి, మాంసం కూడా ఆ 22 గ్రాముల్లోనే సర్దుకోవాలి. వంటనూనే దాదాపు సగం తినేస్తే మిగిలేదెంత?

ఇంటి నూనె ఇంట్లోనే పట్టించుకోవడం కష్టమేమీ కాదు. ఏడాదికి 36 లీటర్లు కావాలంటే, గానుగలో వచ్చే దిగుబడిని బట్టి సుమారు 120 కిలోల కాయలు పక్కన పెట్టాలి. సగం వేరుశనగ, సగం నువ్వుల నూనో తవుడు నూనో వాడుకుంటే 60 కిలోలు చాలు, ఆరోగ్యానికీ మేలు. అయితే ఒకేసారి పట్టించి డబ్బాల్లో నింపొద్దు, నూనె ముక్కిపోతుంది. కాయలుగానే బాగా ఆరబెట్టి దాచి, రెండు నెలలకోసారి పట్టించండి. బూజు పట్టినవి, రంగు మారినవి, ముడుచుకుపోయినవి ఏరిపారేయాలి. వాటిలోని అఫ్లాటాక్సిన్ అనే విషం కాలేయాన్ని దెబ్బ తీస్తుంది. గానుగ నూనెను రిఫైన్ చేయరు కాబట్టి కొంత విషం నూనెలోకీ వస్తుంది. మిగిలిన చక్క పశువులు తింటే పాలలోకీ చేరుతుంది.

గానుగ నూనె కదా అని ఎడాపెడా పోయడమూ తప్పే. ఏ నూనె అయినా గ్రాముకు 9 కేలరీలే. బజ్జీలు వేసిన నూనెనే మళ్లీ మళ్లీ కాచితే మంచి నూనె కూడా చెడిపోతుంది.

ఇది ఆయిల్‌పామ్ వేసిన రైతుల మీద ఫిర్యాదు కాదు. హెక్టారుకు అంత నూనె ఇచ్చే పంట మరొకటి లేదు, వారికి గెలల ధర దక్కాల్సిందే. మన తగువు విధానంతో. 2025 మే చివర్లో కేంద్రం ముడి పామాయిల్, సోయా, పొద్దుతిరుగుడు నూనెలపై ప్రాథమిక దిగుమతి సుంకాన్ని 20 నుంచి 10 శాతానికి తగ్గించింది. దిగుమతి నూనె చౌకయ్యేకొద్దీ పల్లీ ధర దిగుతుంది, పల్లీ వేసే రైతు తగ్గుతాడు, పళ్లెంలోకి పామోలిన్ ఇంకా ఎక్కువ చేరుతుంది.

అందుకే మనం రెండు అడగాలి. ఒకటి, అంగన్‌వాడీలకు, హాస్టళ్లకు, మధ్యాహ్న భోజనానికి వేరుశనగ, నువ్వుల, తవుడు నూనెలను స్థానికంగా, గిట్టుబాటు ధరకు కొనాలి. రెండు, ప్యాకెట్ ముందు వైపున సంతృప్త కొవ్వు శాతం తెలుగులో పెద్ద అక్షరాలతో ఉండాలి. ఇప్పుడు ముందు వైపు కనిపించేది ‘కొలెస్ట్రాల్ లేదు’ అన్న మాట. ఏ మొక్క నూనెలోనూ లెక్కించదగ్గ కొలెస్ట్రాల్ ఉండదు. ఆ గొప్ప ప్యాకెట్‌ది కాదు. ఈసారి కొట్టుకు వెళ్లినప్పుడు ప్యాకెట్ వెనక్కి తిప్పి, 100 గ్రాములకు సంతృప్త కొవ్వు ఎంతో చూడండి. యార్డుకు తోలేముందు మూడు బస్తాల కాయలు ఇంట్లో ఉంచుకోవాలో వద్దో అప్పుడు మీరే తేల్చుకోండి.