చుక్క తర్వాత మూడంకెలు

కువైట్‌లో పనికి కుదిరిన కుర్రాడికి ఒప్పంద పత్రం వచ్చింది. జీతం అన్నచోట ‘KWD 120.000’ అని ఉంది. రాయచోటిలోనో రాజోలులోనో ఇంటిల్లిపాదీ దాని చుట్టూ చేరారు. ‘నెలకు లక్షా ఇరవై వేలు!’ అన్నారు ఒకరు. అలా అనుకోవడంలో వింతేమీ లేదు. సున్నాలు మూడు కనిపిస్తే మన కంటికి అవి వేలే. మధ్యలో ఉన్నది కామానా, చుక్కా అని ఎవరు చూస్తారు? కానీ ఆ కాగితం చెబుతున్నది నూట ఇరవై దినార్లు. అంతే. ఆ లక్షను నమ్ముకుని అప్పు చేసి విమానం ఎక్కితే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు.

ఇలాంటి కాగితం చేతికొస్తే అంకె కన్నా ముందు పక్కనున్న మూడక్షరాలు చదవాలి. ప్రపంచంలోని ప్రతి డబ్బుకీ ఇలా మూడక్షరాల పేరు ఒకటి ఉంది. ఈ పట్టికను అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ 1978లో మొదటిసారి ప్రచురించింది. దాని నంబరు ఐఎస్‌వో 4217. సాధారణంగా మొదటి రెండక్షరాలు దేశానివి, మూడోది డబ్బు పేరులోని మొదటి అక్షరం. IN అంటే ఇండియా, R అంటే రూపాయి, కలిపితే INR. KW కువైట్, D దినారు, కలిపితే KWD. దుబాయ్ డబ్బు AED. అందులో AE అరబ్ ఎమిరేట్స్, D దిర్హామ్. స్విట్జర్లాండ్‌ది మాత్రం CHF. ఆ దేశానికి లాటిన్‌లో ఉన్న పేరు నుంచి CH తీసుకున్నారు. ఇలాంటివి కొన్ని ఉన్నా, చాలావాటిని ఈ పద్ధతిలోనే విడదీసి చదువుకోవచ్చు. కువైట్ దుకాణాల్లో అయితే KWD బదులు KD అని రాస్తుంటారు. రెండూ ఒకటే.

ఆ పట్టికలో పేరు పక్కన మరో చిన్న అంకె ఉంటుంది. చాలామంది దాన్ని గమనించరు. చుక్క తర్వాత ఎన్ని అంకెలు రాయాలో చెప్పేది అదే. మన రూపాయికి, డాలరుకు, దిర్హామ్‌కు అది 2. అంటే ఒక్కోదాంట్లో వంద చిన్న నాణేలన్నమాట. జపాన్ యెన్, JPY, కి అది 0. అక్కడ చుక్కే ఉండదు. కువైట్ దినారు, బహ్రెయిన్ దినారు, ఒమన్ రియాల్‌లకు 3. దినారుకు వెయ్యి ఫిల్స్, ఒమన్ రియాల్‌కు వెయ్యి బైసాలు. (బైసా అంటే మరేదో కాదు, మన పైసాయే!)

వందకు బదులు వెయ్యేమిటని మనవలకు అనిపించవచ్చుగానీ, ఇంట్లో పెద్దవాళ్లుంటే అడిగి చూడండి. 1957కు ముందు మన రూపాయికి వంద పైసలు ఎక్కడివి? పదహారు అణాలు, అరవైనాలుగు పైసలు. ఒకదాన్ని ఎన్ని ముక్కలు చేయాలన్నది ఆ దేశం ఇష్టం. అన్నట్టు కువైట్‌లోనూ 1961 దాకా నడిచింది రూపాయే. గల్ఫ్ కోసం మన రిజర్వు బ్యాంకు 1959లో ప్రత్యేకంగా నోట్లు కూడా వేసింది. ఆ రూపాయిల స్థానంలోనే దినారు వచ్చింది.

పేరు ఒకటే అయినా విలువ ఒకటి కాదు. దుబాయ్‌లో యాభై ఫిల్స్ అంటే అర దిర్హామ్. కువైట్‌లో యాభై ఫిల్స్ అంటే దినారులో ఇరవయ్యో వంతు. అక్కడ సగం కావాలంటే అయిదొందల ఫిల్స్ ఉండాలి. దుబాయ్‌లో పనిచేసి కువైట్‌కు మారినవాళ్లు మొదట్లో తడబడేది ఇక్కడే.

ఇప్పుడు ఒక జీతం చీటీ చదువుదాం. మూలవేతనం KWD 120.000. ఓవర్‌టైమ్ 8.750. కోత 3.250. చేతికొచ్చేది 125.500. ముందు చుక్కకు ఇవతల ఉన్నది చదవండి: నూట ఇరవై అయిదు దినార్లు. తర్వాత అవతల ఉన్నది: అయిదొందల ఫిల్స్. అంటే నూట ఇరవై అయిదున్నర. లెక్క సులువుగా ఉండటానికి దినారు మూడొందల రూపాయలనుకుందాం. అప్పుడది 37,650 రూపాయలు. నిజం లెక్కకు ఆరోజు ధర వేసుకోవాలి. కోత కింద ఉన్న 3.250 మూడువేల రెండొందల యాభై కాదు, మూడుంబావు దినార్లు. మన లెక్కలో 975 రూపాయలు. నోట్లలో చూసుకుంటే ఇంకా తేలిక. కువైట్‌లో పావు దినారుకూ అర దినారుకూ కూడా నోట్లున్నాయి. కొట్లో 2.750 అన్నారంటే ఒక్కో దినారు నోట్లు రెండు, ఒక అర, ఒక పావు.

ఫోనులో రాసుకునేటప్పుడు చివరి సున్నా మింగేయకండి. ‘8.50’ అని రాస్తే ఎనిమిదిన్నర దినార్లా, ఎనిమిది దినార్ల యాభై ఫిల్సా? మొదటిది 8.500, రెండోది 8.050. మన లెక్కలో తేడా 135 రూపాయలు. మూడు స్థానాలూ పూర్తిగా రాస్తే గొడవే ఉండదు.

చుక్క అంటే ఎప్పుడూ ముక్కలే అనుకుంటే మళ్లీ చిక్కు. జర్మనీలో వేలను విడదీయడానికి చుక్కే పెడతారు. కామాను మన చుక్కలా వాడతారు. అక్కడి అద్దె ‘1.250 EUR’ అని ఉంటే పన్నెండొందల యాభై యూరోలు. ‘1.250 KWD’ అయితే దినారుంబావు. అంకె ఒకటే, మరి ఎలా తెలుస్తుంది? మూడక్షరాలే చెబుతాయి. యూరోకు చిన్న స్థానాలు రెండే. కాబట్టి ఒక మొత్తంలో చుక్క వెనక మూడంకెలుంటే అవి సెంట్లు కావు. దినారుకు మూడు, కాబట్టి అవి ఫిల్సే. ఒక్కటి మాత్రం గుర్తుంచుకోవాలి. ఇది చెల్లించే మొత్తానికి వర్తించే సూత్రం. మారకపు ధరలో నాలుగైదు స్థానాలుండొచ్చు. యూరప్ పెట్రోలు బంకుల్లోనూ లీటరు ధర మూడు స్థానాలతో కనిపిస్తుంది. అది లీటరు ధర మాత్రమే, చివర్లో కట్టేది మళ్లీ రెండు స్థానాల్లోనే.

ఇంతకీ కార్డు గీకినప్పుడు యంత్రాలు ఏం చేస్తాయి? చాలాచోట్ల అవి చుక్కను పంపవు. 4.500 దినార్ల బిల్లయితే 4500 అని చిన్న నాణేల లెక్కలో పంపి, పక్కన ఫలానా డబ్బు అని గుర్తు పెడతాయి. అందుకునే యంత్రం ఆ గుర్తును బట్టి చుక్కను వెనక్కి పెట్టుకోవాలి. మూడు స్థానాలకు బదులు రెండే అనుకుందో, 4.500 కాస్తా 45.00 అవుతుంది. సరిగ్గా పదిరెట్లు! యెన్ల విషయంలో ఇదే పొరపాటు జరిగితే 4500 యెన్లు 45 అయిపోతాయి, అంటే నూరోవంతు. అందుకే మొత్తం తప్పుగా తోచినప్పుడు తేడా ఎంతో చూడండి. కొద్దిగా ఎక్కువుంటే అది రుసుమో మారకపు ధరో అయ్యుండొచ్చు. పదిరెట్లో వందరెట్లో కచ్చితంగా ఉంటే ముందుగా అనుమానించాల్సింది చుక్కనే. దుకాణం రసీదునూ, ఫోనుకొచ్చిన సందేశాన్నీ పక్కపక్కన పెట్టి బ్యాంకువాళ్లకు చూపించండి. రసీదు మీది మూడక్షరాలూ మూడు స్థానాలూ కనిపించేలా ఫొటో తీయాలి. ఉష్ణంతో అచ్చయ్యే ఆ కాగితం మీది అక్షరాలు కొన్నాళ్లకే వెలిసిపోతాయి.