ఎర్ర నీళ్లకు ముందు గాలి, తర్వాత ఇసుక. ఆర్వో ఆఖరుకు!



బొంరాస్‌పేట దిక్కు తండాలల్ల పుట్టి హాస్టళ్లల్ల చదివిన మనకు ఈ సంగతి కొత్త కాదు. బోరింగు కొట్టినప్పుడు నీళ్లు తేటగానే ఉంటయి. బిందెల పోసి పెడితే సాయంత్రానికి ఎర్రబడతయి. "బోరు పాడైంది, మట్టి వస్తోంది" అంటాం. చాలాసార్లు అది మట్టి కాదు, ఇనుము.

భూమి లోపల గాలి తగలని చోట ఇనుము నీళ్లల్ల కరిగి, రంగు లేకుండా ఉంటుంది. పైకి వచ్చి గాలిలోని ఆక్సిజన్ తగలగానే తుప్పుగా మారి, రేణువులై అడుక్కు దిగుతుంది. గుర్తుపట్టడం సులువు. కొట్టగానే ఎర్రగా వస్తే పైపుల తుప్పో, మట్టో అయి ఉండొచ్చు. తేటగా వచ్చి తర్వాత ఎర్రబడితే కరిగిన ఇనుమే. ఆ నీళ్లతో చాయ్ పెడితే నల్లబడుతుంది. తెల్ల యూనిఫాం మీద మరక పడితే బ్లీచింగ్ వేయకండి, మరక ఇంకా గట్టిపడుతుంది.

మాకు తెలిసిన ఒక హాస్టల్‌ల ఈ నీళ్లకు నేరుగా ఆర్వో మెషిన్ పెట్టిన్రు. దాని పొరల మీద తుప్పు పేరుకుని, కొన్ని నెలలకే నీళ్లు సన్నబడి ఆగిపోయింది. మెషిన్‌ది తప్పు కాదు, ముందు చేయాల్సిన పని చేయలేదు.

ఆ పని ఇదీ. బోరు నీటిని చిల్లుల పైపు నుంచి సన్న ధారలుగా, కంకర పరిచిన చిల్లుల ట్రేల మీదుగా ట్యాంకులోకి జారనివ్వాలి. ఇక్కడ గాలి తగులుతుంది. రాత్రంతా కదపకుండా ఉంచితే కొంత తుప్పు అడుక్కు చేరుతుంది. పైనీటిని కింద కంకర, నడుమ దొడ్డు ఇసుక, పైన రెండడుగుల సన్న ఇసుక ఉన్న తొట్టిలోంచి వడకట్టాలి.

లెక్క చూడండి. లీటరుకు 2 మిల్లీగ్రాముల ఇనుము ఉంటే 500 లీటర్లకు 1 గ్రాము. రోజూ అన్ని నీళ్లయితే నెలకు 30 గ్రాములు, తుప్పు అయ్యాక దాదాపు రెట్టింపు బరువు. కొంచెమే, కానీ ఇసుక సందులు మూసుకుపోవడానికి చాలు. నీళ్లు సన్నబడితే పై ఇసుక తీసి కడగాలి. ఇది ఎవరి పనో ముందే రాసి పెట్టకపోతే ఫిల్టర్ నెలల్లో మూలపడుతుంది.

వడకట్టిన నీళ్లు గాజు సీసాలో పోసి తెల్లారేదాకా ఉంచండి. మళ్లీ ఎర్రబడితే గాలి సరిపోలేదు. నీళ్లు పులుపు గుణంవైతే ఇనుము ఆలస్యంగా తుప్పు అవుతుంది, అప్పుడు ఇంకా ఎక్కువసేపు నిల్వ ఉంచాలి.

ఒక హద్దు మరువొద్దు. ఈ పద్ధతి ఫ్లోరైడ్‌ను, నైట్రేట్‌ను తీయదు. అందుకే మా మాట: ముందు నీటి పరీక్ష అడుగుదాం, తర్వాత గాలి, ఇసుక. అవి తీరినంక కూడా అవసరముంటేనే మెషిన్.